దేవ్లా కాక స్టార్టర్‌లో కట్టెముక్క

ఖమ్మంలో బోరు మోటర్లకు ఆటో స్టార్టర్లు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, రెండు వరసల బల్లలు, బల్లకో ఫ్యాను, మూలన ఓనరు జయప్రకాశ్ కూర్చునే అద్దాల గది, అంతే. ఆ షెడ్డులో టెస్టింగ్ బల్ల సువర్ణది. ఆమె సరే అన్న డబ్బా మీదే ఆమె సంతకంతో స్టిక్కరు పడుతుంది, ఆ స్టిక్కరు ఉన్న డబ్బాయే బయటికి పోతుంది. చెడిపోయి తిరిగొచ్చిన వాటికి వారంటీ ఇవ్వాలా వద్దా అని తేల్చేది కూడా ఆమే. చిన్న షెడ్డే గానీ, ఆ షెడ్డులో ఆమె మాటకు అప్పీలు లేదు.

సువర్ణది భద్రాచలం పోయే దారిలో అడవి అంచున ఉన్న తండా. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి ఈ ఉద్యోగంలో చేరింది. చేరిన కొన్నాళ్లకే తండాలో బోరున్న ప్రతి ఇంటికీ ఆ కంపెనీ స్టార్టరు వచ్చింది. కంపెనీని చూసి ఎవరూ కొనలేదు, సువర్ణను చూసి కొన్నారు. అందరికంటే ముందు కొన్నవాడు ఆమె నాన్న తమ్ముడు దేవ్లా. "మా బిడ్డ చేసిన డబ్బా" అని వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసిపోయిన మనిషి.

ఆ స్టార్టరు చేసే పని వినడానికి తేలికే. మోటరు ఎంత కరెంటు తాగుతోందో చూస్తూ ఉంటుంది. బోరులో నీళ్లయిపోతే మోటరు ఖాళీగా తిరుగుతుంది, తాగే కరెంటు పడిపోతుంది. అది గమనించి మోటరును ఆపేస్తుంది. ఒక ఫేజు పోయినా అంతే, మోటరు కాలిపోకుండా ఆపుతుంది. ఈ చూడడమంతా లోపల వేలిగోరంత ఉండే మైక్రోకంట్రోలర్ చిప్పు పని. చిప్పు కాలు, అంటే పిన్ను, మీదికి వచ్చే వోల్టేజీని కొలిచి అంకెగా మార్చే భాగం ఆ చిప్పులోనే ఉంటుంది. దాన్ని ఏడీసీ అంటారు. ఏడీసీ అబద్ధమాడితే చిప్పు ఆ అబద్ధాన్నే నమ్ముతుంది, మోటరు చిప్పును నమ్ముతుంది, రైతు మోటరును నమ్ముకుని ఉంటాడు.

మాఘం దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో దేవ్లా ఫోన్ చేశాడు. సువర్ణ సెల్లుకు కాదు, కంపెనీ నంబరుకు. పద్ధతి ప్రకారం పోదామనుకున్నాడు పాపం.

"బిడ్డా, పొద్దుగాల మంచిగనే నడుస్తుంది. ఎండెక్కినంక బంద్ పడ్తుంది. నీళ్లు లేవని చూపెడ్తుంది. బోర్ల నీళ్లున్నయి."

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ. దేవ్లా తెలుగులో మాట్లాడింది ఆఫీసు కదా అని. సువర్ణ కూడా తెలుగులోనే జవాబు చెప్పింది, పైగా 'మీరు' అంది. బల్ల చుట్టూ పనిచేసేవాళ్లు వింటున్నారు. సొంతవాళ్లని వెనకేసుకొస్తోందని ఒక్కరంటే ఒక్కరు అనకూడదని ఆమె పట్టుదల.

"మధ్యాహ్నానికి బోర్ల నీళ్లు కిందికి పోతున్నయేమో చూసుకోండి. నీళ్లు తగ్గితే ఆపుడే దాని పని."

"ఉన్నయంటున్న గద బిడ్డా."

"బోర్ల ఉన్నయో లేవో పైనుంచి మీకెట్ల తెలుస్తది?"

దేవ్లా ఫోన్ పెట్టేశాడు. బోరు గొట్టంలోకి తొంగిచూసి నీళ్లు లెక్కగట్టగలిగినవాడు ఈ మండలంలోనే లేడు. ఆ ప్రశ్న వేసి నోరు మూయించానని సువర్ణ కాస్త తృప్తిపడింది కూడా. ఆ తృప్తి తర్వాత్తర్వాత ఆమెను ఎంత కాల్చిందో చెప్తాను.

మొక్కజొన్న గింజ పాలు పోసుకునే వేళ. నీరు తప్పితే కంకి చేతికి రాదు. ప్రతి మధ్యాహ్నం ఆగిపోయే స్టార్టరుతో వేగలేక, మన రైతులందరూ చేసే పనే దేవ్లా చేశాడు. డబ్బా తెరిచి, మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టరును వేలితో నొక్కి, అది వెనక్కి రాకుండా సందులో కట్టెముక్క దూర్చాడు. ఇక చిప్పు ఎంత మొత్తుకున్నా మోటరు ఆగదు. నీళ్లు పారాయి. కొన్నాళ్లకు లైనులో ఒక ఫేజు పోయింది. ఆపవలసిన స్టార్టరుకు కట్టె అడ్డం ఉంది. మోటరు రెండు ఫేజుల మీదే మూలిగి మూలిగి కాలిపోయింది.

డీలరు డబ్బాతోపాటు ఫొటో కూడా తీసి పంపాడు. ఫొటో నడిమధ్యలో కట్టెముక్క, దాచుకునేదేమీ లేనట్టు కనిపిస్తూ. సువర్ణకు ఒళ్లు మండింది. రైతులకు స్టార్టరు చూపించే ప్రతి డెమోలోనూ తాను మొదట చెప్పే మాట, కట్టె పెట్టొద్దని. తన తండాలో, తన కాకే పెట్టాడు. వారంటీ కాగితం మీద 'వాడకందారు గెలికినది' అని రాసి, వర్తించదని సంతకం పెట్టి, డబ్బాను ముట్టుకోకుండానే తిప్పి పంపింది. ఇంకో రైతైతే పోనీలే అని లోపల చిప్పు బిగించిన బోర్డయినా విప్పి చూసేదేమో. కాక కాబట్టి అది కూడా చూడలేదు.

కట్టె పెట్టి దొరికినవాళ్లు ఆ సీజన్లో ఇంకా కొందరున్నారు. అందరికీ అదే ముద్ర పడింది. ఇంతమంది ఒకేసారి కట్టెలు ఎందుకు పెడుతున్నారని షెడ్డులో ఒక్కరికీ తట్టలేదు. రైతులంతే అనుకున్నారు. ఆ మాట మీద అందరూ కలిసి నవ్వుకున్నారు, సువర్ణ కూడా నవ్వింది.

తర్వాత వేంసూరు నుంచి బసవపున్నయ్య వచ్చాడు. పెద్ద ఆసామి, జయప్రకాశ్ తండ్రికి పాత స్నేహితుడు. కారులో వచ్చి, డబ్బా బల్ల మీద పెట్టించి, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"పొద్దున బాగానే నడుస్తుందమ్మాయ్. ఎండెక్కితే నీళ్లు లేవని ఆగిపోతుంది. నాది బోరు గాదు, బావి. నీళ్లు అంచుదాకా ఉన్నయ్."

సువర్ణ వెంటనే డబ్బా విప్పింది. విప్పుతుండగా ఆ మాటలు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది గానీ, ఆ ఆలోచనను పక్కకు నెట్టేసింది.

బల్ల మీద బోర్డు శుభ్రంగా పనిచేసింది. పనిచేయక ఏం చేస్తుంది, నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. పొలంలో ఆ డబ్బా స్తంభానికి వేలాడుతూ ఇనుప పెట్టెలో ఎండకు ఉడుకుతుంది. సువర్ణ చిప్పు మీద ఉష్ణోగ్రత కొలిచే తీగ అంటించి, వేడిగాలి గన్నును అతి తక్కువలో పెట్టి ఊదింది. చిప్పు తట్టుకోగలనని డేటాషీటులో రాసుకున్న హద్దుకు చాలా ఇవతలే ఏడీసీ అంకె సున్నా దగ్గర గడ్డకట్టింది. మీటరు పెట్టి చూస్తే చిప్పు కాలు మీద వోల్టేజీ ఉంది, కొలతకు ఆధారమైన రిఫరెన్సు వోల్టేజీ సరిగ్గా ఉంది, సరఫరా నిలకడగా ఉంది. కొలత పూర్తయిందని ఏడీసీ జెండా ఎత్తుతూనే ఉంది, అంకె మాత్రం మారడం లేదు. మోటరు ఆగి ఉన్నప్పటి పాత సున్నానే మళ్లీ మళ్లీ అప్పజెప్తోంది. ఆ సున్నాను చూసి స్టార్టరు బావిలో నీళ్లు లేవనుకుంటోంది. చల్లబరిస్తే మళ్లీ బుద్ధిగా పనిచేసింది.

తప్పు బోర్డుదా చిప్పుదా అని తేల్చడానికి చిప్పులు మార్చి చూసింది. పాత బ్యాచి చిప్పు ఈ బోర్డులో పెడితే ఎంత వేడిలోనైనా నడిచింది. ఈ చిప్పును పాత బోర్డులో పెడితే అక్కడా గడ్డకట్టింది. ప్రోగ్రాము రెండింటిలోనూ ఒకటే. చిప్పులు చుట్టగా వచ్చే రీలులో మిగిలిన కొత్తవాటిని కొన్ని బిగించి చూస్తే, అన్నీ కాదు గానీ, వాటిలోనూ కొన్ని అదే వేషం వేశాయి. అన్నింటి నెత్తినా ఒకే లాట్ నంబరు, అంటే అన్నీ ఒకే విడతలో తయారైనవే.

జయప్రకాశ్ భుజం తట్టి మెచ్చుకున్నాడు. సువర్ణకు మెప్పు చెవికెక్కలేదు. పొద్దుగాల మంచిగనే నడుస్తుంది, ఎండెక్కినంక బంద్ పడ్తుంది. అవే మాటలు. బసవపున్నయ్య నోట వచ్చినప్పుడు గన్ను పట్టుకుని పరీక్ష చేసింది. దేవ్లా నోట వచ్చినప్పుడు ఎదురు ప్రశ్న వేసింది. సిగ్గుతో ఆమెకు తల దించుకోవాలనిపించింది, కానీ అక్కడ ఎవరికీ ఆ సంగతి తెలియదు కాబట్టి దించుకునే వీలు కూడా లేకపోయింది.

బెంగళూరులో చిప్పులు సరఫరా చేసే సంస్థకు ఉత్తరం రాసే పని ఆమె మీదే పడింది. ఇంగ్లీషులో, నీటుగా రాసింది. ఫలానా చిప్పు, ఫలానా తారీకు కోడు, ఫలానా లాటు. వేడెక్కితే ఏడీసీ పాత విలువనే ఇస్తోంది, కొత్తది నమోదు చేయడం లేదు. మేము చేసిన పరీక్షలు ఇవి. మీరు ప్రకటించిన ఎర్రాటాలో ఈ లోపం ప్రస్తావన లేదు. ఈ లాటును మార్చి వేరే లాటు ఇవ్వండి. ఇది మీకు తెలిసిన లోపమైతే ఎర్రాటా పంపండి, ఈలోగా ప్రోగ్రాములో చేసుకోదగిన సర్దుబాటు ఉంటే చెప్పండి. ఎర్రాటా అంటే మరేం కాదు, చిప్పులో ఏ భాగం ఎప్పుడు తప్పు చేస్తుందో తయారీదారే ఒప్పుకుని అచ్చువేసే కాగితం. చిప్పులకు అలాంటి కాగితం ఒకటి ఉన్నందుకు సువర్ణకు అసూయ కలిగింది.

"కట్టె పెట్టినోళ్ల కేసులు ఇందులో రాయొద్దు," అన్నాడు జయప్రకాశ్. "మీ కస్టమర్లే గెలికిండ్రని మన మీదికే తిప్పుతరు. మొత్తం క్లెయిమే పోతది."

మాటలో న్యాయం ఉంది. అన్నది ఆయనే అయినా హమ్మయ్య అనుకున్నది సువర్ణ. దేవ్లా పేరు లేకుండానే ఉత్తరం పోయింది, దాంతోపాటు ఊడదీసిన చిప్పులు కొన్ని.

జవాబు త్వరగానే వచ్చింది, మర్యాదగా, చల్లగా. మీరు పంపినవన్నీ బోర్డు నుంచి ఊడదీసిన చిప్పులు. ఊడదీసేటప్పటి వేడికే చెడి ఉండవచ్చు. పొలంలో చెడిన బోర్డును, ఎవరూ సోల్డరు చేయనిదాన్ని, అది ఎలా చెడిందో పూర్తి వివరంతో పంపితే పరీక్షిస్తాం.

అలాంటి బోర్డు షెడ్డులో ఒక్కటీ లేదు. రైతును నిలబెట్టకూడదని, వచ్చిన బోర్డుకు వచ్చినట్టే చిప్పు పీకి కొత్తది వేసి పంపడం వాళ్ల అలవాటు. ఆ వేగమే కంపెనీకి మంచి పేరు తెచ్చింది. బసవపున్నయ్య బోర్డునైతే సువర్ణే విప్పి కెలికేసింది. ఎవరూ ముట్టుకోని బోర్డులు ఎక్కడున్నాయంటే, ఆమె ముట్టుకోకుండా తిప్పి పంపినవాళ్ల ఇళ్లల్లో ఉన్నాయి. ఫోన్లు చేసింది. ఒకరు పాత ఇనుముకు వేసేశారు. ఒకరు ఊళ్లో మెకానిక్కుకు ఇస్తే అతను నానా తంటాలు పడి సోల్డరంతా కరిగించాడు. మిగిలింది ఒక్కడే. అతనికి ఫోన్ చేసే ధైర్యం లేక ఆమె బస్సెక్కింది.

తండా చేరేసరికి పొద్దు బాగా ఎక్కలేదు. దేవ్లా చేలో మొక్కజొన్న లేదు. గింజ పట్టని దంటును కోసి పశువులకు వేశారు. వాకిట్లో దేవ్లా భార్య చాంది ఆ దంటునే ముక్కలు నరుకుతోంది. సువర్ణను చూసి మంచినీళ్లు తెచ్చిచ్చింది, ఎట్లున్నవని మాత్రం అడగలేదు. చిన్నప్పుడు ఈ చేతులే తనకు తల దువ్వాయని సువర్ణకు గుర్తొచ్చింది.

ఇక్కడి మాటలన్నీ లంబాడీలో నడిచాయి. అర్థం చెడకుండా చెప్తున్నాను.

"కాకా, ఆ డబ్బా ఉన్నదా?"

దేవ్లా లోపలికి పోయి, పెట్టెలోంచి పాత చీరెముక్కలో చుట్టిన డబ్బా తెచ్చాడు. తెరిచి చూస్తే లోపలి బోర్డు ఎక్కడా చెదరలేదు, దాని సీలు కూడా అలాగే ఉంది.

"పారెయ్యలేదా?"

"నీ సంతకమున్నది గద దాని మీద. పారెయ్యబుద్ధి కాలే."

సువర్ణ ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. చిప్పు చెడ్డదని, ఎండకు నీళ్లు లేవని అబద్ధం చెప్తుందని, మీ బోర్ల నీళ్లు ఉన్నాయని, కట్టె పెట్టించింది ఆ డబ్బాయేనని. వేంసూరు ఆసామి వచ్చాకే తెలిసిందని కూడా దాచకుండా చెప్పింది.

చాంది నరకడం ఆపింది. "ఆయన వచ్చి ఏం చెప్పిండు?"

"మీరు చెప్పిందే."

"ఇంకేం చెప్పలేదా? మేం చెప్పని ముచ్చట?"

"లేదు చిన్నమ్మా. అదే మాట."

చాంది మళ్లీ కత్తి అందుకుంది. తిట్టి ఉంటే సువర్ణకు కాస్త తేలికయ్యేది.

"మోటర్ కాలింది, సరే. దాన్ని మళ్ల చుట్టించినం," అన్నాడు దేవ్లా నెమ్మదిగా. "తండల అందరు నన్నే నవ్విండ్రు బిడ్డా. సొంత బిడ్డ కంపెనిల అబద్ధమాడి దొరికిండని. అది పట్టుకున్నది నాకు."

"తప్పు నాదే కాకా. ఈ బోర్డు పంపాలంటే కట్టె సంగతి కూడా రాయాల్సి వస్తది. అది చూసి మనదే తప్పంటరేమో, చిప్పులు మార్చరేమో. నీ పేరు పోయి అక్కడ కూడా..."

"ఎందుకు పెట్టిన్నో అది కూడా రాస్తవా?"

"రాస్త. ముందు డబ్బా చెడ్డది, తర్వాతనే కట్టె వచ్చిందని రాస్త."

"ఇంకేంది మరి. కట్టె దాచకు, నేను దాచలే." లేచి పోయి, చూరులో దోపి ఉంచిన ఆ కట్టెముక్క కూడా తెచ్చి చూపించాడు. వేలెడంత తుమ్మచెక్క, ఒక కొన కాస్త నల్లబడి ఉంది. సువర్ణ దాన్ని తీసుకోబోతే ఇవ్వలేదు. "బోర్డు తీస్కపో. ఇది ఉండనీ."

ఖమ్మం వచ్చి రెండో ఉత్తరం రాసింది. చిప్పు మీద చేయి పడని బోర్డు ఇదని, స్తంభానికి ఎండలో వేలాడిందని, మధ్యాహ్నాల్లో ఆగిపోతోందని రైతు ముందే ఫిర్యాదు చేసినా తాము పట్టించుకోలేదని, ఉత్తుత్తిగా ఆగుతుంటే పంట కోసం కాంటాక్టరుకు కట్టె పెట్టాడని, మొదటి ఉత్తరంలో ఈ కేసులు తామే వదిలేశామని రాసింది. జయప్రకాశ్ చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పట్టించుకోలేదని మనమే రాసిచ్చుడేంది, సువర్ణా? క్లెయిమ్ పోతే?"

"పోతే నా మీద రాసుకోండి సార్. ఆ వాక్యం తీసేస్తే ఈ బోర్డు పంపను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. వదిలేయమన్న మాట తనదేనని ఆయనకూ గుర్తుంది. చివరికి సంతకం పెట్టాడు.

రోజులు గడిచాయి. సువర్ణ పనిచేస్తూనే ఉంది గానీ, ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. ఫోన్లో ఎవరేం చెప్పినా ఎదురు ప్రశ్న వేయడం మానేసింది. బోర్డును వేడి చేసి చూడకుండా స్టిక్కరు అంటించడం కూడా మానేసింది.

జవాబు వచ్చింది. బోర్డు మీద ఉండగానే వేడిచేసి చూశాం, లోపం కనిపించింది, ఆ లాటు చిప్పులదే. మరికొందరు వాడకందారుల నుంచి కూడా ఇలాంటి ఫిర్యాదే ఉంది. లాటు మొత్తం మార్చి ఇస్తున్నాం. తయారీదారు ప్రకటించిన ఎర్రాటా జతచేశాం. ప్రతి కొలతకు ముందు ఏడీసీని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే ప్రస్తుతానికి పని జరుగుతుంది. కట్టె గురించి ఒక్క మాట కూడా లేదు. ఏ మాట వల్ల క్లెయిమ్ పోతుందని ఇంతమంది భయపడ్డారో దాన్ని వాళ్లు ఆ బోర్డు చరిత్రలో ఒక వాక్యంగా చదువుకుని ఊరుకున్నారు.

కట్టె పెట్టారని తిప్పి పంపిన అందరికీ వారంటీ ఇస్తున్నట్టు జయప్రకాశ్ డీలర్లకు చెప్పాడు. కాలిన మోటర్ల ఖర్చు కూడా కంపెనీదేనన్నాడు. దేవ్లా కొత్త డబ్బాను మాత్రం సువర్ణే తీసుకుపోయి బిగించింది. తండాలో నవ్విన నలుగురినీ పిలిచి, వాళ్ల ముందే ఎర్రాటా కాగితం తీసింది. ఇంగ్లీషు ముక్కను లంబాడీలోకి మార్చి చదివితే వాక్యం పొట్టిగా తేలింది: ఎండెక్కినంక నీళ్లున్నా లేవంటది. మా కాక మొదటి రోజే ఇదే చెప్పిండు, నేనే వినలేదు, అని గట్టిగా అంది. జనం తలలూపి వెళ్లిపోయారు. దేవ్లా ముఖం మాత్రం విచ్చుకుంది.

మధ్యాహ్నం దాకా ఆమె కదల్లేదు. చేలో వేయడానికి ఇంకేమీ లేదు, ఉత్త దుక్కి. ఆ దుక్కిలోకే నీళ్లు వదిలి చూశారు. ఎండ నడినెత్తికి వచ్చింది, ఇనుప పెట్టె చేయి పెట్టలేనంత కాలింది, మోటరు ఆగలేదు. అంకె కరెంటుతో పాటే కదులుతోంది.

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు దేవ్లా. నిజంగానే అన్నాడు. చాంది కూడా ఆ పూట అన్నం తిని పొమ్మంది.

పెట్టె తలుపు మూసేముందు అతను అంగీ జేబులోంచి ఆ కట్టెముక్క తీశాడు. కాంటాక్టరులో పెట్టలేదు. పెట్టె పైన, స్తంభానికి చుట్టిన తీగ సందులో, చేయి చాపితే అందేట్టు దోపాడు. దోపి, సువర్ణ చూస్తోందని గ్రహించి ఇబ్బందిగా నవ్వాడు.

"నీ మీద నమ్మకం లేక గాదు బిడ్డా. ఊకే, ఉంటదని."

ప్రతి డెమోలో మొదటగా చెప్పే మాట ఆమె నాలుక దాకా వచ్చింది. ఎదురుగా ఉత్త దుక్కి కనిపిస్తోంది.

"ఉండనీ కాకా," అంది.